యాంజియోప్లాస్టీకి ఒప్పుకునే ముందు డాక్టరుగారికి ఉత్తరం రాశాను, ఒకసారి చూసిపెట్టండి

రెండో అంతస్తు | సోమవారం, ఉదయం 7:40

అందరికీ నమస్తే. నా వయసు 62. పన్నెండేళ్ళుగా షుగర్ ఉంది. నాలుగు నెలలుగా మెట్లెక్కుతుంటే రెండో అంతస్తు దగ్గరికి వచ్చేసరికి ఛాతీ మధ్యలో పిడికిలితో పట్టుకున్నట్టు ఉంటోంది. నిలబడితే రెండు నిమిషాల్లో పోతుంది. ఊరికే కూర్చున్నప్పుడు ఒక్కసారి కూడా రాలేదు.

పోయిన వారం మణికట్టు దగ్గరనుంచి యాంజియోగ్రామ్ చేశారు. నేనింకా బల్లమీదే ఉండగా డాక్టరుగారు తల దగ్గరికి వచ్చి, "ముందు గోడకి వెళ్ళే ప్రధాన నాళంలో మధ్యలో ఎనభై శాతం ఉంది, ఇప్పుడే స్టెంట్ వేసేద్దామా?" అన్నారు. కాస్త మత్తుగా ఉంది. "ఇంట్లో మాట్లాడి చెబుతానండీ" అన్నాను. ఆయన ఏమీ అనుకోలేదు, సరే అన్నారు. నాకే ఏదో తప్పు చేసినట్టు అనిపించింది.

రిపోర్టులో ఇలా ఉంది: ఎల్ఏడీ అనే ఆ ముందు నాళం మధ్య భాగంలో 80 శాతం, కుడి నాళంలో 50 శాతం, గుండె పంపింగు 60 శాతం. క్రియాటినిన్ 1.5. వేసుకుంటున్న మాత్రలు ఆస్పిరిన్ 75, అటోర్వాస్టాటిన్ 10, మెటోప్రొలాల్ 25, మెట్‌ఫార్మిన్. మోకాళ్ళు నొప్పెడితే మధ్యమధ్యలో ఒక నొప్పి మాత్ర.

గురువారం మళ్ళీ వెళ్ళాలి. నోటితో అడగబోతే సగం మర్చిపోతానని ఉత్తరంగా రాశాను. పందొమ్మిది ప్రశ్నలయ్యాయి. అన్నీ పెట్టడం లేదు, మొదటి కొన్ని చూడండి.

"డాక్టరుగారికి, స్టెంట్ ఎన్నేళ్ళు పనిచేస్తుంది? అది లోహం కదా, తుప్పు పడుతుందా? స్కానింగు మిషన్లోకి వెళ్ళొచ్చా? మందు పూసిన స్టెంట్ మంచిదా, మామూలుది మంచిదా? ప్రమాదం ఎంత శాతం? ఆ తర్వాత మాత్రలు ఎన్నాళ్ళు వాడాలి? స్టెంట్ లేకుండా మందులతో తగ్గదా? బైపాస్ అవసరమా? ఎన్నో రోజునుంచి మామూలుగా నడవొచ్చు?..."

ఇంకేం అడగాలో చెప్పండి.

నాన్న బిడ్డ | సోమవారం, ఉదయం 8:05

అంకుల్, మీరు ఉత్తరాలు రాస్తూ కూర్చోవడమేమిటి! మా నాన్నగారికి రాత్రి రెండు గంటలకి నొప్పి వచ్చింది, ఒళ్ళంతా చెమట. గంటన్నరలో స్టెంట్ వేశారు. ఇంకో గంట ఆలస్యమైతే మాకు దక్కేవారు కాదన్నారు. ఎనభై శాతం అంటే ఇంకా ఇరవయ్యే మిగిలింది కదా. దయచేసి ఇవాళే వెళ్ళి వేయించుకోండి.

సూటిమాట | సోమవారం, ఉదయం 9:20

నేను దీనికి పూర్తిగా వ్యతిరేకం. స్టెంట్ వల్ల ప్రయోజనం లేదని పరిశోధనల్లో తేలిపోయింది. 2020లో వచ్చిన ఇస్కీమియా అధ్యయనం చదవండి. అయిదు వేల పైచిలుకు రోగుల్లో సగం మందికి యాంజియో చేసి స్టెంట్లో బైపాసో చేశారు, సగం మందికి ముందు మందులే ఇచ్చారు. మూడేళ్ళ తర్వాత చూస్తే చావుల్లోనూ గుండెపోట్లలోనూ చెప్పుకోదగ్గ తేడా లేదు. మాత్రలు వేసుకోండి, ఇంటికెళ్ళండి.

కాథ్‌ల్యాబ్ అక్క | సోమవారం, మధ్యాహ్నం 2:15

పద్నాలుగేళ్ళుగా యాంజియోలూ స్టెంట్లూ చేసే కాథ్‌ల్యాబ్‌లో నర్సుగా ఉన్నాను. డాక్టర్ని కాదు, ఆ సంగతి గుర్తు పెట్టుకుని చదవండి.

నాన్న బిడ్డా, మీ నాన్నగారి విషయంలో మీరు చెప్పింది అక్షరాలా నిజం. కానీ ఆయనకి జరిగింది వేరు. అక్కడ నాళం లోపలి కొవ్వు పూత చిట్లి, దానిమీద రక్తం గడ్డకట్టి, నాళం ఒక్కసారిగా మూసుకుపోయింది. ప్రతి నిమిషం కండరం చచ్చిపోతూ ఉంటుంది. అక్కడ స్టెంట్ ప్రాణం కాపాడుతుంది, ఉత్తరాలూ చర్చలూ కుదరవు. ఈయనకి ఉన్నది ఏళ్ళ తరబడి నెమ్మదిగా సన్నబడిన నాళం. శ్రమ పడినప్పుడు రక్తం చాలదు, ఆగితే సరిపోతుంది. ఒకే గది, ఒకే బల్ల, ఒకే స్టెంటు, కానీ వేసే కారణం వేరు. ఈయనకి ఆలోచించుకునే టైముంది.

ఒక్క షరతు. నొప్పి కూర్చున్నప్పుడు కూడా రావడం మొదలైనా, ముందుకంటే తక్కువ శ్రమకే వస్తున్నా, పావుగంట దాటినా, చెమటలు పట్టినా గురువారం దాకా ఆగకూడదు. నేరుగా ఎమర్జెన్సీకే వెళ్ళాలి.

సూటిమాట గారూ, మీరు సగం చెప్పారు. ఆ అధ్యయనంలో ఎడమ ప్రధాన నాళం మొదట్లోనే పెద్ద బ్లాక్ ఉన్నవాళ్ళని, పంపింగు బాగా పడిపోయినవాళ్ళని, మందులు వాడుతున్నా నొప్పి భరించలేనివాళ్ళని తీసుకోలేదు. ఇంకోటి, నొప్పి మాటేమిటి? వారానికోసారైనా నొప్పి వచ్చేవాళ్ళలో, ఏడాది తిరిగేసరికి స్టెంటో బైపాసో చేయించుకున్నవాళ్ళు సుమారు సగం మంది నొప్పి లేకుండా ఉన్నారు. మందుల వైపు అలా ఉన్నవాళ్ళు అయిదో వంతే. ఆయుష్షుకి తేడా కనపడలేదు, నొప్పికి కనపడింది. మెట్లెక్కలేకపోవడం చిన్న విషయమని నేనైతే అనను.

రెండో అంతస్తు గారూ, మీ ఉత్తరం మీద నా మాట. స్టెంట్ తుప్పు పట్టదు. స్కానింగులోకి వెళ్ళొచ్చు, కార్డు చూపిస్తే చాలు. ఇప్పుడు వేసేవి దాదాపు అన్నీ మందు పూసినవే. ఇవన్నీ నన్నడిగినా చెబుతాను, మీ డాక్టరుగారి పది నిమిషాలు వీటికి పోనివ్వకండి. మీ ఏడో ప్రశ్న మొదటికి రావాలి. అది కూడా "మందులతో తగ్గదా" అని కాదు. "ఈ స్టెంట్ నాకు దేనికోసం? ఎక్కువ కాలం బతకడానికా, గుండెపోటు రాకుండానా, నొప్పి తగ్గడానికా?" అని అడగండి. దానికి వచ్చే జవాబుని బట్టే మిగతా ప్రశ్నలు మారిపోతాయి.

రెండో అంతస్తు | సోమవారం, సాయంత్రం 6:30

అమ్మా, ధన్యవాదాలు. ఇన్నాళ్ళూ స్టెంట్ వేస్తే గుండెపోటు రాదనే అనుకున్నాను. పైపులో మురికి తీసినట్టు.

కాథ్‌ల్యాబ్ అక్క | సోమవారం, రాత్రి 9:10

అందరూ అలాగే అనుకుంటారు. మా దగ్గర బల్లమీద పడుకున్నవాళ్ళలో చాలామంది అదే చెబుతారు. మురికి తీయం. బెలూనుతో గోడకి నొక్కేస్తాం, మళ్ళీ మీద పడకుండా జాలీ పెడతాం. పైగా గుండెపోటు తెచ్చే పూత చాలాసార్లు ఎనభై శాతం బ్లాక్ దగ్గర ఉండదు. ముప్పై, నలభై శాతమే మూసుకుని, లోపల మెత్తగా కొవ్వు నిండి, మీద పలచటి పొర ఉన్న చోట చిట్లుతుంది. మీ కుడి నాళంలో యాభై ఉందన్నారే, అలాంటి చోట అన్నమాట. స్టెంట్ ఉన్న చోటే దాని పని. అన్ని నాళాల్లోని పూతనీ గట్టిపరిచేది స్టాటిన్. అందుకే మీ పది మిల్లీగ్రాములు చూసి నాకు ఆశ్చర్యం వేసింది. చెడు కొలెస్ట్రాల్ ఎంతుంది?

రెండో అంతస్తు | సోమవారం, రాత్రి 9:25

ఎల్‌డీఎల్ 112.

ఫార్మసిస్టు77 | సోమవారం, రాత్రి 10:40

ముప్పై ఏళ్ళుగా మందుల పనే. గుండె నాళాల్లో బ్లాకులు తేలినవాళ్ళకి ఎల్‌డీఎల్ 70 లోపు ఉండాలని అమెరికా మార్గదర్శకాలు, 55 లోపు అని యూరప్ వాళ్ళు అంటారు. ఎటు చూసినా 112 ఎక్కువే. అటోర్వాస్టాటిన్ 40 గానీ 80 గానీ ఇస్తారు, అప్పటికీ దిగకపోతే ఎజెటిమైబ్ కలుపుతారు. స్టెంట్ వేసినా వేయకపోయినా ఇది మారదు. దీన్ని "స్టెంట్ తర్వాతి మందు" అనుకోవడమే పొరపాటు.

మెటోప్రొలాల్ 25 కూడా మొదలుపెట్టే మోతాదే. కూర్చున్నప్పుడు మీ నాడి ఎంత?

రెండో అంతస్తు | మంగళవారం, ఉదయం 6:50

నిమిషానికి 84. ఇప్పుడే గడియారం పెట్టుకుని చూశాను.

ఫార్మసిస్టు77 | మంగళవారం, ఉదయం 7:15

అయితే మందులతో ప్రయత్నించారని చెప్పడానికి లేదు. నొప్పికి ఆ మాత్ర పనిచేయాలంటే నాడి 60 దగ్గరికి రావాలి. దాంతోపాటు అమ్లోడిపిన్ గానీ, చాలాసేపు పనిచేసే నైట్రేటు గానీ కలపొచ్చు. నాలుక కింద పెట్టుకునే నైట్రోగ్లిజరిన్ మీకు రాశారా? లేకపోతే అడగండి. అది కూర్చుని పెట్టుకోవాలి, నిలబడి పెట్టుకుంటే బీపీ పడిపోయి కింద పడతారు. మగతనానికి వాడే సిల్డెనాఫిల్ లాంటివి వేసుకుంటూ ఉంటే సిగ్గుపడకుండా చెప్పాలి. ఈ రెండూ కలిస్తే ప్రాణం మీదికి వస్తుంది.

మీ ఉత్తరంలో ఇలా రాయండి: "ప్రస్తుతం నా నాడి 84, ఎల్‌డీఎల్ 112. మందులు పూర్తి మోతాదుకి పెంచి కొన్ని వారాలు చూసి, అప్పుడు స్టెంట్ గురించి నిర్ణయించుకోవచ్చా? అలా ఆగితే నాకు నష్టం ఏమిటి?" చివరి వాక్యం వదిలేయొద్దు. ఆగడంలో నష్టం ఉంటే వినాల్సింది ఆయన నోటినుంచే.

సూటిమాట | మంగళవారం, ఉదయం 8:30

నేను చెప్పిందీ అదే కదా. ఇంకో సంగతి కూడా ఉంది. 2017లో ఆర్బిటా అని వచ్చింది. సగం మందికి నిజంగా స్టెంట్ వేసి, మిగతావాళ్ళకి వేసినట్టు నటించారు. ఆరు వారాల తర్వాత నడిపించి చూస్తే పెద్ద తేడా లేదు. అంటే నొప్పి తగ్గడం కూడా మనసు చేసే మాయేనన్నమాట.

కాథ్‌ల్యాబ్ అక్క | మంగళవారం, మధ్యాహ్నం 3:40

2017 దగ్గరే ఆగిపోయారు మీరు. అందులో ఉన్నది రెండు వందల మంది, అందరికీ ముందే నొప్పి మందులు బాగా పెంచేశారు. అదే బృందం 2023లో రెండో ఆర్బిటా చేసింది. ఈసారి నొప్పి మందులు ఆపేసి, మూడు వందల మందిలో చూశారు. నటించినవాళ్ళకంటే నిజంగా స్టెంట్ వేసినవాళ్ళకి నొప్పి తగ్గింది. కాబట్టి మాయ కాదు. అలాగని స్టెంట్ వేయించుకున్నవాళ్ళందరికీ నొప్పి పూర్తిగా పోలేదు కూడా. రెండూ కలిపి చదివితే నాకు అర్థమయ్యేది ఇది: మందులు సరిగ్గా ఇస్తే స్టెంట్ అదనంగా చేసేది తక్కువ. మందులు పడనివాళ్ళకి, వద్దనుకునేవాళ్ళకి, వాడినా నొప్పి మిగిలినవాళ్ళకి అది నిజంగా పనికొస్తుంది.

ఊదారంగు గొడుగు | మంగళవారం, రాత్రి 8:20

నా కథ చెబుతాను, మీకు పనికొస్తుందో లేదో. నాకు 57. స్టెంట్ వేశాక రెండు మాత్రలు, ఆస్పిరిన్, టికాగ్రెలార్ ఇచ్చారు. మూడో రోజునుంచి ఊపిరి సరిగ్గా అందనట్టు ఉండేది. మెట్లెక్కితే కాదు, ఊరికే కూర్చున్నప్పుడు కూడా పెద్దగా గాలి పీల్చుకోవాలనిపించేది. గుండె మళ్ళీ చెడిందేమోనని రాత్రంతా టెన్షన్. అది ఆ మాత్ర లక్షణమని ముందు ఎవరూ చెప్పలేదు. డాక్టరు క్లోపిడోగ్రెల్‌కి మార్చాక తగ్గింది.

అసలు తప్పు ఆ తర్వాత జరిగింది. ఆరో వారంలో పన్ను తీయించుకోవాల్సి వచ్చింది. పన్ను తీసేముందు "రక్తం పలచబడే మాత్రలు అయిదు రోజులు ఆపండి" అన్నారు. ఆపాను, రెండూ. గుండె డాక్టరుకి ఫోన్ చేయాలని నాకు తట్టలేదు. నాలుగో రోజు తెల్లవారుజామున స్టెంట్ మూసుకుపోయింది. అంబులెన్సులో వెళ్ళాను. పంపింగు అప్పటినుంచి 40 దాటలేదు. పన్ను మాత్రం ఇంకా నోట్లోనే ఉంది.

కాథ్‌ల్యాబ్ అక్క | మంగళవారం, రాత్రి 9:05

అమ్మా, ఇది ఇక్కడ రాసినందుకు మీకు దండం. అందరూ ఇది చదవాలి. కొత్త స్టెంట్ అంటే రక్తానికి తగిలేలా ఉన్న ఉత్త లోహం. దానిమీద శరీరం సొంత పొర కప్పుకునేదాకా రక్తం గడ్డకట్టే ప్రమాదం ఉంటుంది. పూసిన మందు మళ్ళీ కండ పెరగకుండా ఆపుతుంది, దానితోపాటు ఆ పొర రావడాన్నీ నెమ్మది చేస్తుంది. రెండో మాత్ర ఆ సందు కాయడానికే. చాలా పన్నులు మాత్రలు ఆపకుండానే తీయొచ్చు, కాసేపు దూది గట్టిగా కరిచి పట్టుకుంటే చాలు. ఎవరు ఆపమన్నా, స్టెంట్ వేసిన డాక్టరుని అడక్కుండా ఆపకూడదు.

రెండో అంతస్తు | మంగళవారం, రాత్రి 10:30

చదువుతుంటే చేతులు చల్లబడ్డాయి. ఒక మాట అడగాలి. నాకు కుడివైపు హెర్నియా ఉంది. రెండు నెలల్లో ఆపరేషన్ చేయించుకోమని సర్జన్ తేదీ కూడా ఇచ్చారు. ఇది గుండెకి సంబంధం లేనిదని ఉత్తరంలో రాయలేదు. రాయాలా?

ఫార్మసిస్టు77 | మంగళవారం, రాత్రి 10:34

అయ్యా! ఈ మాట మొదటి పోస్టులో ఉండాలి.

కాథ్‌ల్యాబ్ అక్క | మంగళవారం, రాత్రి 11:00

పందొమ్మిది ప్రశ్నలూ ఒక ఎత్తు, ఇది ఒక ఎత్తు.

లెక్క చూడండి. గురువారం ఒప్పుకున్నారు, వచ్చే వారం స్టెంట్ వేశారు అనుకుందాం. మీలాంటి నిలకడ నొప్పికి వేసిన స్టెంట్‌కి రెండు మాత్రలు మామూలుగా ఆరు నెలలు. గుండెపోటు తర్వాత వేస్తే ఏడాది. రక్తస్రావం ప్రమాదం ఎక్కువున్నవాళ్ళకి డాక్టర్లు దాన్ని మూడు నెలలకో, ఒక నెలకో తగ్గిస్తారు, కానీ అది ముందే ఆలోచించి పెట్టుకునే నిర్ణయం. అత్యవసరం కాని ఆపరేషన్లు ఆరు నెలలు, మరీ తప్పకపోతే కనీసం మూడు నెలలు వాయిదా వేయమంటారు. మీ హెర్నియా సరిగ్గా రెండో నెలలో వచ్చి కూర్చుంది. రెండు మాత్రల మీద కోస్తే రక్తం ఆగదు, మాత్రలు ఆపి కోస్తే గొడుగు గారికి జరిగింది జరగొచ్చు.

"అయితే ముందు స్టెంట్ వేసి గుండెని బాగుచేసి, తర్వాత హెర్నియా చేద్దాం" అని చాలామంది అంటారు. వినడానికి బాగుంటుంది. 2004లో కార్ప్ అనే అధ్యయనంలో, పెద్ద రక్తనాళాల ఆపరేషన్‌కి ముందు నిలకడగా ఉన్న గుండె బ్లాకులకి స్టెంటో బైపాసో చేస్తే చావులు తగ్గుతాయేమోనని చూశారు. తగ్గలేదు. హెర్నియా వాటికంటే చిన్న ఆపరేషన్.

అందుకని ఉత్తరంలో ఇది రాయండి: "హెర్నియా ఆపరేషన్ ఏది ముందు, ఏది తర్వాత? హెర్నియా ముందైతే ఆస్పిరిన్ కొనసాగిస్తూ చేయొచ్చా? స్టెంట్ ముందైతే ఎన్ని నెలలు ఆగాలి, ఆ మధ్యలో హెర్నియా ఇరుక్కుంటే ఏం చేస్తారు?" ఇద్దరు డాక్టర్లూ ఒకరితో ఒకరు ఫోన్లో మాట్లాడుకునేలా చేయండి. మీరు మధ్యలో మోసుకెళ్ళే మాటలు నమ్మొద్దు.

నాన్న బిడ్డ | బుధవారం, ఉదయం 7:30

నేను సోమవారం తొందరపడ్డాను, ఏమీ అనుకోకండి అంకుల్. మా నాన్నగారు ఆరు నెలల తర్వాత కూడా రెండు మాత్రలు వాడుతున్నారు, ఎందుకో ఇప్పుడు అర్థమైంది. కానీ ఒకటి అడుగుతాను. ప్రమాదం ఎంత శాతం అని అంకుల్ అడిగారు, దానికి ఎవరూ జవాబు చెప్పలేదు.

కాథ్‌ల్యాబ్ అక్క | బుధవారం, మధ్యాహ్నం 1:20

నిజమే. ముందే తేదీ ఇచ్చి, నిలకడగా ఉన్నవాళ్ళకి చేసేదాంట్లో ప్రాణం పోవడం, పక్షవాతం, అప్పటికప్పుడు బైపాస్‌కి తీసుకెళ్ళాల్సి రావడం, ఒక్కోటీ నూటికి ఒకటి కంటే తక్కువే. కానీ అది అందరి లెక్క. అంకుల్ సొంత లెక్కలో రెండు బరువులున్నాయి. ఒకటి కిడ్నీ. క్రియాటినిన్ 1.5, పైన షుగర్. యాంజియోలో నాళాలు కనపడటానికి ఎక్కించే డై ఒకసారి వెళ్ళింది, స్టెంట్‌కి మళ్ళీ వెళ్తుంది. డై వల్ల కిడ్నీకి దెబ్బ తగిలితే ఒంట్లో ఏమీ తెలియదు. రెండు మూడు రోజులకి రక్త పరీక్షలో అంకె పెరిగి కనిపిస్తుంది, అంతే. యాంజియో తర్వాత మళ్ళీ పరీక్ష చేయించారా అన్నది మొదటి ప్రశ్న. ముందూ వెనకా సెలైన్ పెడతారా, డై ఎంత తక్కువలో ముగిస్తారు, మెట్‌ఫార్మిన్ ఎప్పుడు ఆపి ఎప్పుడు మొదలుపెట్టాలి అన్నవి తర్వాతవి.

రెండోది ఆ మోకాళ్ళ మాత్ర.

ఫార్మసిస్టు77 | బుధవారం, మధ్యాహ్నం 2:00

డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ జాతి మాత్రలు కిడ్నీనీ నొక్కుతాయి, కడుపులో పుండూ చేస్తాయి. రెండు రక్తం పలచబడే మాత్రల మీద ఇది మూడోది పడితే కడుపులో రక్తం కారుతుంది. విరేచనం తారులా నల్లగా, జిగటగా వస్తే అదే గుర్తు. నొప్పికి పారాసిటమాల్ సరిపోతుందేమో అడగండి. కడుపు కాపాడటానికి ఇచ్చే మాత్రల్లో ఒమెప్రజోల్ క్లోపిడోగ్రెల్ పనిని తగ్గిస్తుంది, కాబట్టి పాంటోప్రజోల్ ఇస్తారు. ఇంట్లో పాత డబ్బాలో ఒమెప్రజోల్ ఉంటే తీసి పక్కన పెట్టండి.

సూటిమాట | బుధవారం, సాయంత్రం 5:10

బ్లాకులు కరిగించే సెలైన్ వైద్యం ఉందంటున్నారు కదా, దాని మాట ఎవరూ ఎత్తరేం?

కాథ్‌ల్యాబ్ అక్క | బుధవారం, సాయంత్రం 5:45

దానితో నాళం తెరుచుకున్నట్టు చూపించిన యాంజియో నాకు ఒక్కటీ తారసపడలేదు. ఈయన కిడ్నీతో అసలు వద్దు.

రెండో అంతస్తు | బుధవారం, రాత్రి 9:30

కొత్త ఉత్తరం. ఒక పేజీయే.

"డాక్టరుగారికి నమస్కారం. ఆ రోజు బల్లమీద టైము అడిగితే మీరు ఇచ్చారు, కృతజ్ఞతలు. నా నొప్పి రెండో అంతస్తు దగ్గర వస్తుంది, ఆగితే రెండు నిమిషాల్లో పోతుంది, నాలుగు నెలలుగా పెరగలేదు. నాడి 84, ఎల్‌డీఎల్ 112, క్రియాటినిన్ యాంజియోకి ముందు 1.5, తర్వాత చూడలేదు. రెండు నెలల్లో హెర్నియా ఆపరేషన్ ఉంది. మోకాళ్ళకి డైక్లోఫెనాక్ వాడుతున్నాను, ఇది మీకు ముందు చెప్పలేదు.

ఈ స్టెంట్ నా ఆయుష్షు కోసమా, నొప్పి కోసమా? ఆ ఎనభై శాతం కంటితో చూసి వేసిన అంచనాయేనా, ప్రెషర్ వైరుతో కొలిస్తే మీ నిర్ణయం మారే అవకాశం ఉందా? మందులు పెంచి కొన్ని వారాలు ఆగితే నష్టమేమిటి? నాకు షుగర్ ఉంది, కుడి నాళంలో కూడా యాభై ఉంది, మరి బైపాస్ గురించి ఆలోచించాల్సిన కేసా కాదా? స్టెంట్ వేస్తే రెండో మాత్ర ఏది, ఎన్ని నెలలు, ఆపమని ఎవరైనా చెబితే ఎవరికి ఫోన్ చేయాలి? హెర్నియా ముందా, స్టెంట్ ముందా? నా కిడ్నీకి ఏ జాగ్రత్త తీసుకుంటారు?

అంగీకార పత్రం ఒక రోజు ముందు ఇస్తే ఇంట్లో చదువుకుని సంతకం చేస్తాను."

ప్రెషర్ వైరు మాట మా అబ్బాయి స్నేహితుడు చెప్పాడు. సరిగ్గా రాశానా?

కాథ్‌ల్యాబ్ అక్క | బుధవారం, రాత్రి 10:15

సరిగ్గానే రాశారు. సన్నటి తీగ బ్లాక్ దాటించి అవతల ఒత్తిడి, ఇవతల ఒత్తిడి కొలుస్తారు. ఆ నిష్పత్తి 0.80 గానీ అంతకంటే తక్కువ గానీ ఉంటే రక్తం నిజంగానే తగ్గుతోందని అర్థం. కంటికి డెబ్బై, ఎనభై అనిపించినవి కొలిస్తే 0.85 రావడం మా ల్యాబ్‌లో చూశాను. ఎల్ఏడీ విషయంలో దీనికి ఉల్టా కూడా జరుగుతుంది, కంటికి తక్కువ అనిపించి కొలతలో ఎక్కువ తేలుతుంది. అది చేయాలంటే మళ్ళీ లోపలికి వెళ్ళాలి, మళ్ళీ కొంచెం డై. ఆ సంగతి కూడా అడగండి.

అంగీకార పత్రం గురించి చివర్లో రాసిన వాక్యం నాకు బాగా నచ్చింది. మొన్నటి యాంజియోకి మీరు సంతకం చేసిన కాగితంలో "అవసరమైతే స్టెంట్" అని ఉండే ఉంటుంది. చాలామంది చదవరు.

రెండో అంతస్తు | గురువారం, రాత్రి 8:45

వెళ్ళొచ్చాను. ఉత్తరం ఆయన అక్కడే చదివారు. డైక్లోఫెనాక్ దగ్గర ఆగి కళ్ళజోడు తీసి నా వైపు చూశారు, ఏమీ అనలేదు. హెర్నియా దగ్గర మాత్రం "ఇది ఆ రోజే చెప్పాల్సింది" అన్నారు.

మొదటి ప్రశ్నకి సూటిగా జవాబిచ్చారు: "ముఖ్యంగా నొప్పి కోసమే. ఆయుష్షు పెరుగుతుందని నేను మాటివ్వలేను." బైపాస్ ఇప్పుడు అవసరం లేదన్నారు. రెండు మూడు నాళాల్లో గట్టి బ్లాకులు ఉండి షుగర్ కూడా ఉంటే బైపాస్ మాటే ముందు చెప్పేవాణ్ణి, మీ కుడి నాళం యాభై దగ్గర ఆగింది అన్నారు. మెటోప్రొలాల్ రెండింతలు చేశారు, అమ్లోడిపిన్ కలిపారు, అటోర్వాస్టాటిన్ 40, నాలుక కింద మాత్ర, పాంటోప్రజోల్ రాశారు. డైక్లోఫెనాక్ బంద్. ఆరు వారాల తర్వాత రమ్మన్నారు. ఈలోపు నొప్పి పెరిగితే వెంటనే రావాలి. సర్జన్‌తో నా ముందే ఫోన్లో మాట్లాడారు. మందులతో నొప్పి అదుపులోకి వస్తే ఆస్పిరిన్ మీదే హెర్నియా చేయొచ్చని ఇద్దరూ అనుకున్నారు.

ప్రెషర్ వైరు మీద మాత్రం నాతో ఏకీభవించలేదు. "మీకు శ్రమతో నొప్పి ఉంది, అదే నాళం, ఎనభై. నాకు కొలత అవసరం లేదు" అన్నారు. నొప్పి తగ్గకపోతే అప్పుడు కొలిచి, అదే పూటలో వేద్దామని చివరికి కొంచెం మెత్తబడ్డారు. క్రియాటినిన్ ఇవాళే పంపించారు.

మా ఆవిడకి ఇది నచ్చలేదు. ఇంట్లో బాంబు పెట్టుకుని తిరుగుతున్నట్టుంది అంటోంది. ఆవిడకి ఏం చెప్పాలో నాకు తెలియడం లేదు.

ఊదారంగు గొడుగు | గురువారం, రాత్రి 9:20

ఆవిడ భయం నాకు తెలుసు. ఒక పని చేయండి. నాలుక కింద మాత్ర ఎక్కడుందో, ఎప్పుడు పెట్టాలో ఆవిడకి చూపించండి. ఒకటి పెట్టాక అయిదు నిమిషాల్లో తగ్గకపోతే అంబులెన్సుకి ఫోన్ చేయాలని, నంబరుతో సహా కాగితం మీద రాసి గోడకి అంటించండి. మా ఇంట్లో అలా చేశాకే మా ఆయన నిద్రపోయారు.

సూటిమాట | శుక్రవారం, ఉదయం 8:00

చూశారా, చివరికి మందులే!

ఫార్మసిస్టు77 | శుక్రవారం, ఉదయం 8:12

ఆరు వారాలు కానివ్వండి సార్.

రెండో అంతస్తు | మూడు వారాల తర్వాత, ఆదివారం

నాడి 66. క్రియాటినిన్ 1.6 వచ్చింది, కొంచెం పెరిగింది. అది డై వల్లో డైక్లోఫెనాక్ వల్లో చెప్పలేమన్నారు. ఇంకో పది రోజుల్లో మళ్ళీ చూస్తారు. కాళ్ళు సాయంత్రానికి కొంచెం వాస్తున్నాయి.

మెట్లు నెమ్మదిగా ఎక్కితే మూడో అంతస్తు దాకా ఏమీ లేదు. మొన్న వానలో పరుగులాంటి నడక నడిస్తే మాత్రం మళ్ళీ పట్టింది, నిలబడ్డాక ఒక నిమిషంలో పోయింది. దీన్ని తగ్గిందనాలో, తగ్గలేదనాలో ఆయనకి ఎలా చెప్పను?

కాథ్‌ల్యాబ్ అక్క | ఆదివారం, సాయంత్రం 4:30

తగ్గింది, తగ్గలేదు అని చెప్పకండి. ఇప్పుడు మాకు రాసినట్టే చెప్పండి. ఎన్ని మెట్లు, ఎంత వేగం, ఎన్ని నిమిషాలు, వారానికి ఎన్నిసార్లు. వానలో ఆ నడక మీకు రోజూ అవసరమా కాదా అన్నది ఆయన అడుగుతారు, దానికి జవాబు మీ దగ్గరే ఉంది.

కాళ్ళ వాపు అమ్లోడిపిన్ వల్ల కావచ్చు, కానీ కిడ్నీ అంకె కూడా పెరిగింది కాబట్టి పది రోజులు ఆగొద్దు. రేపే ఫోన్ చేసి చెప్పండి.